ఒకే చేప, ఆరు లెక్కలు

టోక్యోలోని తొయోసు చేపల మార్కెట్‌లో తెల్లవారకముందే ట్యూనా వేలం మొదలవుతుంది. ఆ చేపను జపనీయులు మగురొ అంటారు. మనిషంత పొడవున్న మగురొలను నేల మీద వరసగా పేర్చి ఉంచుతారు. కొనేవాళ్లు చిన్న టార్చిలైట్లు వేసి మాంసం రంగు చూసుకుంటూ తిరుగుతారు. అక్కడ ఒక చేపను లెక్కపెట్టాలంటే 'ఇప్పొన్' అంటారు. అంతకుముందు సముద్రంలో ఈదుతున్నప్పుడైతే దాన్ని 'ఇప్పికి' అనాలి. వేలంలో కొన్నాక నిలువునా చీల్చితే సగభాగం 'ఇచ్చో'. దాన్ని కోసి ఇటుకలా దీర్ఘచతురస్రపు ముక్క చేస్తే 'హితొసకు'. ఆ ముక్కలోంచి కత్తితో పల్చగా తీసిన ఒక ముక్క 'హితొకిరె'. అదే ముక్క అన్నపు ముద్ద మీదికెక్కి సుషీ అయితే 'ఇక్కన్'.

ఈ ఆరు మాటల్లోనూ ఉన్న సంఖ్య 'ఒకటి' మాత్రమే. చేప కూడా ఒకటే. మారుతూ వచ్చింది సంఖ్య వెనక చేరిన తోక. హికి, హొన్, చో, సకు, కిరె, కన్. ఇలాంటి తోకలను తెలుగులో గణన ప్రత్యయాలు అందాం. జపనీస్‌లో ఏ వస్తువునైనా సంఖ్యతో చెప్పాలంటే ఇవి తప్పవు. 'మూడు పెన్సిళ్లు' అని ఊరుకోవడం అక్కడ కుదరదు. సంఖ్యకు ఏదో ఒక తోక తగిలించాలి.

సాయంత్రాలు హైదరాబాద్‌లో కొందరికి జపనీస్ నేర్పుతుంటాను. ఉద్యోగాల కోసం వెళ్లే పిల్లలే ఎక్కువ. క్రియారూపాలను రెండు నెలల్లో పట్టేస్తారు. మన వాక్యం లాగే క్రియ చివర వస్తుంది కాబట్టి వాళ్లకు ఆ వాక్యం కొత్తగా అనిపించదు. ఈ తోకల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతారు. నోట్‌బుక్‌లో పట్టిక గీసి, ఎడమవైపు వస్తువులు, కుడివైపు తోకలు రాసుకుని బట్టీ పట్టడం మొదలుపెడతారు. ఆ పట్టికను పక్కన పెట్టించడమే నా మొదటి పని. మగురొ కథ అందుకే చెబుతాను. పట్టికలో చేప ఎదురుగా ఏ తోక రాయాలి? అది ఏ స్థితిలో ఉందో తెలియకుండా ఏదీ రాయలేం.

ఆ ఆరు మాటల్ని కాస్త దగ్గరగా చూస్తే అవి రెండు రకాల పనులు చేస్తున్నాయని తెలుస్తుంది. చివరి నాలుగూ మనకు కొత్తేమీ కాదు. చెట్టు మీద గెల, గెలలో అత్తం, అత్తంలో పండు అని మనమూ అంటాం. మూర పూలు, కట్ట తోటకూర, గుక్కెడు నీళ్లు, కరివేపాకు రెబ్బ, పనస తొన, ముద్ద అన్నం. నీళ్లను, అన్నాన్ని, పూల రాశిని ఉన్నవున్నట్టుగా ఒకటి రెండు అని లెక్కపెట్టలేం. ముందు వాటిలోంచి ఒక పాలు విడదీయాలి, ఆ పాలుకు పేరు పెట్టాలి, ఆ తర్వాత లెక్కించాలి. ఇవి కొలత మాటలు. ప్రపంచంలో ఏ భాషకైనా ఇవి ఉంటాయి. ట్యూనాను చీల్చి, కోసి, తరిగి పెట్టిన పేర్లు కూడా అలాంటివే.

మొదటి రెండూ వేరు. సముద్రంలో ఇప్పికి అన్న చేప, ఒడ్డున ఇప్పొన్ అన్న చేప ఒక్కటే. ఎవరూ దాన్ని కోయలేదు, విడదీయలేదు. అది ముందే ఒక్క చేపగా ఉంది. మారింది చూసే చూపు. ఈదుతున్నప్పుడు అది ప్రాణి, అందుకే ప్రాణులకు వాడే హికి. ఒడ్డుకు చేరాక అది అమ్మకానికి పెట్టిన పొడవాటి సరుకు, అందుకే పొడవైన వాటికి వాడే హొన్. కొలత మాట పాలును తయారుచేస్తుంది. గణన ప్రత్యయం ముందే ఉన్న వస్తువును చూసి అది ఏ జాతిదో చెబుతుంది. ఈ తేడా పట్టుకుంటే సగం బెదురు పోతుంది.

నిజానికి ఈ రెండో రకం తెలుగులో లేకపోలేదు. 'రెండు పుస్తకాలు' అంటాం, 'రెండు ఆవులు' అంటాం, కానీ 'రెండు అన్నయ్యలు' అనం. ఇద్దరు అన్నయ్యలు, ముగ్గురు అక్కలు, నలుగురు కూలీలు, ఏడుగురు దాకా ఒక వరస, ఎనిమిది దగ్గర్నుంచి 'మంది'. మనుషులా కాదా అన్న ఒక్క ప్రశ్న మాత్రం తెలుగు అడుగుతుంది. ఇంట్లో మూడేళ్ల పిల్ల 'ముగ్గురు కుక్కలు' అంటే అందరూ నవ్వుతారు, కానీ ఆ పిల్ల చేసింది తోక ఎంపికలో పొరపాటే. జపనీస్‌లోనూ మనుషులది ప్రత్యేకమైన వరసే. ఒక్కరు హితొరి, ఇద్దరు ఫుతరి. ఈ రెండూ వాళ్ల సొంత పాత మాటలు. ముగ్గురు దగ్గర్నుంచి సంఖ్యలకు చైనా నుంచి వచ్చిన 'నిన్' చేర్చి సన్‌నిన్, యొనిన్, గొనిన్ అంటారు. మనకు ఏడు తర్వాత వరస మారినట్టే వాళ్లకు రెండు తర్వాత మారుతుంది. ఈ పోలిక చెప్పాక మా విద్యార్థులు 'ఇచినిన్' అనడం చాలావరకు మానేశారు. 'ఒకటిమంది' అన్నట్టు వినిపిస్తుందంటే వాళ్లకు వెంటనే తగులుతుంది.

వాక్యంలో చోటు విషయంలోనూ తెలుగువాళ్లకు దారి సులువు. 'కూలీలు నలుగురు వచ్చారు' అని మనం అన్నట్టే, జపనీస్‌లోనూ ముందు వస్తువు పేరు చెప్పి, తర్వాత సంఖ్యను తోకతో సహా క్రియకు దగ్గరగా పెట్టడమే సహజం. 'టీ రెండు ఇవ్వండి' అన్న వరసలో ఆలోచిస్తే సరిపోతుంది. ఇంగ్లీషు వరసలో సంఖ్యను ముందు పెట్టుకుని తడబడేవాళ్లను, మన వాక్యంలోనే ఆలోచించమంటాను.

తెలుగు ఒక్క ప్రశ్నతో ఆగిపోయే చోట జపనీస్ ఇంకా ముందుకు వెళుతుంది. మనిషి కాకపోతే ప్రాణా? ప్రాణి అయితే మామూలుగా హికి. పక్షి అయితే వ. పెద్ద జంతువైతే తో. పెద్దది అంటే ఎంత? మనిషి ఎత్తుకోగలడా లేదా అన్నది మోటుగా చెప్పే కొలబద్ద. పిల్లి హికి, ఆవు తో, ఏనుగు తో. అంధులకు దారిచూపే కుక్కను మాత్రం, సైజు చూడకుండా, తో అనే అంటారు. ప్రాణి కాకపోతే ఆకారం చూడాలి. పొడవుగా ఉంటే హొన్, పల్చగా పరిచినట్టుంటే మై, చిన్న ముద్దలా ఉంటే కొ. ఆకారం కన్నా వాడుక ముఖ్యమైనవి కొన్ని ఉన్నాయి. కారు, టీవీ, కుట్టుమిషన్ లాంటి యంత్రాలకు దై. పుస్తకాలకు సత్సు. కప్పులో, గ్లాసులో పోసినదానికి హై. రోజువారీ బతుకులో పది, పన్నెండు తోకలతో పని గడిచిపోతుంది. మిగతావి వందల్లో ఉన్నాయి. భాషా పరిశోధకురాలు ఈదా అసకొ వాటికోసమే 2004లో ఒక నిఘంటువు తెచ్చారు. జపనీయులకు కూడా అది అవసరమైంది.

ఈ తోకల్లో హొన్ ఒక్కదాన్ని లోతుగా చూస్తే మిగతావన్నీ ఎలా పనిచేస్తాయో అర్థమవుతుంది. ఈ మాట రాసే అక్షరం 本. చెట్టును సూచించే అక్షరానికి మొదట్లో అడ్డగీత పెడితే వచ్చింది. అసలు అర్థం చెట్టు మొదలు. అందుకే చెట్లను హొన్‌తో లెక్కిస్తారు. చెట్టు నుంచి కర్ర, కర్ర నుంచి పెన్సిలు, గొడుగు, తాడు, వెంట్రుక, అరటిపండు, సీసా. ఇంతవరకూ కంటికి కనిపించే పొడవే. అక్కడితో ఆగితే బాగుండేది, ఆగలేదు. సినిమాలకూ హొన్ వాడతారు, ఎందుకంటే సినిమా ఒకప్పుడు పొడవాటి రీలు. ఇంజెక్షన్‌కు హొన్, సిరంజి పొడవుగా ఉంటుంది. ఫోన్ కాల్‌కు హొన్. బేస్‌బాల్‌లో కొట్టిన హిట్‌కు హొన్. బ్యాట్ పొడవు, బంతి గాల్లో గీసే గీతా పొడవే. ఒలింపిక్స్‌లో జూడో చూసేవాళ్లు 'ఇప్పొన్' అన్న అరుపు విని ఉంటారు. ఒక్క పట్టుతో ఆట ముగిసినప్పుడు రిఫరీ అనే మాట అది. అదీ ఈ ఇప్పొనే. అమెరికా భాషావేత్త జార్జ్ లేకాఫ్ 1987లో వచ్చిన తన పుస్తకంలో ఈ హొన్‌నే ఉదాహరణగా తీసుకుని, మనుషులు వస్తువుల్ని గుంపులు చేసే తీరు ఎలా ఉంటుందో చర్చించాడు. మధ్యలో ఒక గట్టి కేంద్రం, దాని చుట్టూ ఒకదాన్నుంచి మరొకటిగా సాగిన కొమ్మలు. ఏ కొమ్మ సాగుతుందో ముందుగా ఊహించలేం, కానీ సాగిన కొమ్మను చూశాక కారణం కనిపిస్తుంది. అందుకే మా క్లాసులో కర్రతో మొదలుపెట్టి ఫోన్ కాల్ దాకా ఒక్కో మెట్టూ చెప్పిస్తాను. వేరువేరుగా బట్టీ పడితే మర్నాటికి మర్చిపోతారు, కొమ్మ పట్టుకుని నడిస్తే గుర్తుంటుంది.

ఇందులోనే మావాళ్లు తప్పక పడే ఒక గుంట ఉంది. జపనీస్‌లో పుస్తకాన్ని 'హొన్' అంటారు. అదే మాట, అదే అక్షరం. దాంతో పుస్తకాన్ని హొన్‌తోనే లెక్కించాలనుకుంటారు. కాదు, పుస్తకానికి సత్సు. ఒక పుస్తకం ఇస్సత్సు, రెండు నిసత్సు. పుస్తకం పల్చగా ఉందని మై వాడినా తప్పే. మై అంటే ఒక్క కాగితం. అట్ట వేసి కుట్టిన కాగితాల కట్ట సత్సు. పత్రికకూ అదే.

తోక తెలిసినా పలకడంలో ఇంకో తిప్పలుంది. హొన్‌నే పదిదాకా చెప్పి చూడండి. ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్, రొప్పొన్, ననహొన్, హప్పొన్, క్యూహొన్, జుప్పొన్. ఒకచోట ప, ఒకచోట హ, ఒకచోట బ. విద్యార్థులకు ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ దీని వెనక ఉన్న కారణం తెలుగువాడికి తెలిసినంత సులువుగా మరెవరికీ తెలియదనిపిస్తుంది నాకు.

జపనీస్‌లో ఇప్పటి 'హ' చాలా కాలం కిందట 'ప'. క్రమంగా అది మెత్తబడి హ అయింది. మన పక్కింటి కన్నడంలో జరిగింది కూడా ఇదే. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి, మన పది వాళ్లకు హత్తు. పాత కన్నడంలో అవన్నీ 'ప'తోనే ఉండేవి. అంటే హొన్ అసలు పొన్ అన్నమాట. ఇక చైనా నుంచి వచ్చినప్పుడు ఒకటి, ఆరు, ఎనిమిది, పది అనే సంఖ్యలు హల్లుతో ముగిసేవి. ఆ హల్లు తర్వాతి 'ప'కు ఆనుకుని ద్విత్వమైంది. ద్విత్వంలో ఉన్న 'ప' గట్టిగా నిలబడి, హ కాకుండా మిగిలింది. అందుకే ఇప్పొన్, రొప్పొన్, హప్పొన్, జుప్పొన్. రెండు, ఐదు, తొమ్మిది అచ్చుతో ముగిసేవి కాబట్టి అక్కడ ప మెత్తబడి హ అయిపోయింది.

మూడు సంగతి ఇంకా బాగుంటుంది. 'సన్' అనే సంఖ్య నకారంతో ముగుస్తుంది. నకారం తర్వాత ప వస్తే బ అవుతుంది. బడిలో మనం చదువుకున్న సరళాదేశ సంధి గుర్తుచేసుకోండి. ద్రుతం, అంటే నకారం, తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లు అవుతాయి. వచ్చెన్ + పులి, వచ్చెంబులి. సన్ + పొన్, సంబొన్. మూడు జతల చెప్పులు కూడా అంతే. జతకు వాడే 'సొకు' సన్ తర్వాత 'జొకు' అవుతుంది. మూడో అంతస్తులో 'కై' కాస్తా 'గై' అవుతుంది. ఇది చెప్పిన రోజు వెనక బెంచీలో కూర్చున్న అబ్బాయి, "సార్, పదో తరగతిలో ఆ సంధి ఎందుకు చదువుతున్నామో తెలియక తిట్టుకున్నా. ఇవాళ పనికొచ్చింది" అన్నాడు.

అయితే యొన్‌హొన్ ఎందుకు యొంబొన్ కాలేదు? ఈ ప్రశ్న అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఉంటారు, వాళ్లే బాగా నేర్చుకుంటారు. నాలుగుకు చైనా నుంచి వచ్చిన మాట 'షి'. 'చావు'కు వాడే మాట కూడా షి కావడంతో చాలాచోట్ల దాన్ని తప్పించి, సొంత పాత మాట 'యొన్' పెట్టుకున్నారు. ఏడుకు 'నన' కూడా సొంత మాటే. ఇవి తర్వాత వచ్చి చేరాయి కాబట్టి పాత సంధి వాటికి పట్టలేదు. కారణం తెలిసినా నాలుక తిరగాలి గనక సాధన తప్పదు. హికి కూడా సరిగ్గా హొన్ దారిలోనే నడుస్తుంది. ఇప్పికి, నిహికి, సంబికి. మై, దై లకు ఈ గొడవే లేదు, సంఖ్య తర్వాత తగిలిస్తే చాలు. మొదటి వారం మై, దై లతో గడిపి, తర్వాత హొన్‌లోకి దిగడం మేలు.

నిహొన్ విషయంలో ఒక చిన్న జాగ్రత్త. జపాన్ దేశం పేరు కూడా నిహొనే, రాతలో కూడా చివర ఆ 本 అక్షరమే. తేడా స్వరంలో ఉంది. రెండు సీసాలైతే మొదటి అక్షరాన్ని పైకెత్తి పలుకుతారు, దేశం పేరులో రెండో అక్షరాన్ని.

తోక తప్పితే ఏమవుతుంది? చాలాసార్లు అవతలివాళ్లకు అర్థమవుతుంది, నవ్వి ఊరుకుంటారు. కొన్నిచోట్ల మాత్రం వస్తువే మారిపోతుంది. హోటల్లో 'బీరు నిహొన్' అంటే రెండు సీసాలు వస్తాయి. 'నిహై' అంటే రెండు గ్లాసులు. భోజనం చేసే పుల్లలు జతగా ఉంటాయి, వాటి తోక జెన్. ఒక జత ఇచిజెన్. ఆ జతలో ఒక్క పుల్ల మాత్రం ఇప్పొన్. అంటే 'పుల్లలు ఇప్పొన్ ఇవ్వండి' అని అడిగితే ఒంటి పుల్లతో తినమన్నట్టే. మంచి జరిగేది ఏమిటంటే, జపాన్ దుకాణాల్లో, హోటళ్లలో ఆర్డర్ తీసుకున్నాక దాన్ని తిరిగి చెప్పడం ఆనవాయితీ. మీరు తప్పు తోక వాడితే ఆ తిరిగి చెప్పే మాటలో సరైన తోక వినిపిస్తుంది. మిమ్మల్ని దిద్దినట్టు ఉండదు, మెత్తగా సరిచేసినట్టు ఉంటుంది. చెవి అక్కడ పెట్టేవాళ్లు మూడు నెలల్లో పుస్తకం కన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

ఏ తోకా తోచనప్పుడు ఏం చేయాలి? 'త్సు' ఉంది. హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు అంటూ తొమ్మిది దాకా వెళ్లి, పది 'తో'తో ముగిసే సొంత లెక్క. సామాన్లకు, తిండికి, హోటల్లో తెచ్చే వంటకాలకు, ఆలోచనలకు, కారణాలకు కూడా ఇది చెల్లుతుంది. జపనీయులు కూడా పేరు తెలియని వస్తువుకు దీన్నే వాడతారు. పరిమితులు రెండే. పది దాటితే నడవదు. మనుషులకు, జంతువులకు పనికిరాదు. 'అన్నయ్యలు ఫుతత్సు' అంటే మన 'రెండు అన్నయ్యలు' కన్నా ఘోరంగా వినిపిస్తుంది. ఈ మధ్య కుర్రకారు కొ ను కూడా ఇలాగే విరివిగా వాడుతున్నారు. తనకన్నా ఏడాది పెద్దవాడిని 'ఇక్కొ పైవాడు' అనేస్తారు. పెద్దవాళ్లకు అది నచ్చదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని విని అర్థం చేసుకుంటే చాలు, ఉద్యోగం చోట అనకుండా ఉండడం మంచిది.

మా బ్యాచ్‌లో చదివి ఒసాకా వెళ్లిన ఒక అమ్మాయి మొదటివారం నాకు ఫోన్ చేసింది. రాత్రి గదికి వెళ్తూ చిన్న దుకాణంలో రెండు భోజనం డబ్బాలు, ఒక టీ సీసా కొన్నదట. డబ్బాలకు త్సు, సీసాకు హొన్, రెండూ సరిగ్గానే చెప్పింది. అప్పుడు కౌంటర్ దగ్గర అబ్బాయి పుల్లలు 'నన్‌జెన్' కావాలని అడిగాడు. నన్ అంటే ఎన్ని. జెన్ అన్న మాట క్లాసులో ఒక్కసారే విన్నానని, అప్పుడు గుర్తురాలేదని చెప్పింది. కానీ సంఖ్య వెనక ఏదో తోక ఉందని, ఆ అబ్బాయి చెయ్యి పుల్లల డబ్బా మీద ఉందని గమనించింది. అతడు పలికిన తోకనే తీసుకుని ముందు సంఖ్య మార్చి 'నిజెన్' అంది. రెండు జతలు సంచిలో పడ్డాయి.